బిల్లు ఎందుకు మారింది? విద్యుత్ బిల్లు హిస్టరీ చదివే తీరు
(కాల్ సెంటర్‌లో కొత్తగా చేరినవారి శిక్షణ కోసం)

క్లుప్తంగా: వినియోగదారుడు రెండు నెలల చివరి మొత్తాలను పోల్చి ఫోన్ చేస్తాడు. కానీ బిల్లు మారడానికి కారణం ఆ మొత్తాల్లో కనిపించదు. రీడింగులు, రోజులు, కేటగిరీ, ఆ తర్వాతే మిగతా వరుసలు అన్న క్రమంలో హిస్టరీ చదివితే తేడాలోని ప్రతి రూపాయికీ లెక్క దొరుకుతుంది. తెలంగాణ గృహ వినియోగదారుల బిల్లుల్లో 200 యూనిట్ల గీత దగ్గర వచ్చే తేడాను ఇక్కడ వివరంగా చూద్దాం. ఆంధ్రప్రదేశ్ బిల్లుల లెక్క వేరు కాబట్టి పోలిక కోసం అదీ ఉంది.

## సున్నా నుంచి పన్నెండు వందలకు

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల వాడకం మొత్తానికీ బిల్లు పడుతుంది. ఎండాకాలంలో కాల్ సెంటర్‌కు వచ్చే ఒక రకం ఫిర్యాదుకు మూలం ఇదే. ‘పోయిన నెల సున్నా వచ్చింది, ఈ నెల పన్నెండు వందల అరవై ఒకటి. మేం కొత్తగా ఏమీ కొనలేదు, మీటరు పిచ్చిగా తిరుగుతోంది’ అంటారు.

కొత్త ఏజెంటు ఇక్కడ చేసే పొరపాటు, ఆ 1,261కి కారణం వెతకడం. అసలు మారింది అంత కాదు. ఈ రెండు బిల్లులూ హిస్టరీలో ఎలా ఉంటాయో చూడాలి. లోడు 2 కిలోవాట్లు అనుకుందాం.

| | ఏప్రిల్ 4 బిల్లు | మే 4 బిల్లు |
|---|---|---|
| పాత రీడింగ్ | 8,811 | 9,007 |
| కొత్త రీడింగ్ | 9,007 | 9,221 |
| యూనిట్లు | 196 | 214 |
| రోజులు | 30 | 30 |
| ఎనర్జీ చార్జీలు | 800.80 | 1,127.80 |
| కస్టమర్ చార్జీలు | 90.00 | 100.00 |
| ఫిక్స్‌డ్ చార్జీలు | 20.00 | 20.00 |
| విద్యుత్ సుంకం | 11.76 | 12.84 |
| మొత్తం (రూపాయలకు సవరించి) | 923 | 1,261 |
| ప్రభుత్వ సబ్సిడీ | 923 | లేదు |
| కట్టాల్సింది | 0 | 1,261 |

ఏప్రిల్‌లోనూ 923 రూపాయల కరెంటు ఖర్చయింది. అది ప్రభుత్వం కట్టింది కాబట్టి ఇంటివారికి తెలియలేదు. అంటే 1,261లో 923 పాత వాడకమే. కొత్తగా పెరిగింది 338 రూపాయలు. ఏజెంటు వివరించాల్సినవి రెండు వేర్వేరు సంగతులు: సబ్సిడీ ఎందుకు ఆగింది, 18 యూనిట్లకు 338 రూపాయలు ఎలా పెరిగాయి. ఈ రెండింటినీ ఒకే జవాబులో కలిపేస్తే వినేవారికి ఏదీ అర్థం కాదు. ‘యూనిట్లు పెరిగాయి సార్, అందుకే’ అనే జవాబు అబద్ధం కాకపోయినా, ఎవరినీ ఒప్పించదు. పద్దెనిమిది యూనిట్లకు పన్నెండు వందలా అని అవతలి మనిషి వెంటనే అడుగుతాడు. అడగడం న్యాయమే.

## 18 యూనిట్లు, 327 రూపాయలు

338లో 10 రూపాయలు కస్టమర్ చార్జీది. 101 నుంచి 200 యూనిట్ల దాకా 90 రూపాయలున్న ఆ చార్జీ, 200 దాటగానే 100 అవుతుంది. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు కాబట్టి 18 యూనిట్లకు రూపాయి ఎనిమిది పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ లోడును బట్టి కిలోవాట్‌కు 10 రూపాయలు, అందులో మార్పు లేదు. మిగిలిన 327 రూపాయలు ఎనర్జీ చార్జీలవి. అసలు చిక్కు వాటి దగ్గరే ఉంది.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన తెలంగాణ టారిఫ్‌లో ఇంటి కనెక్షన్లకు ఒకే శ్లాబుల వరుస ఉండదు. నెల వాడకాన్ని బట్టి ముందు కేటగిరీ తేలుతుంది, ఆ కేటగిరీ లోపల శ్లాబులు నడుస్తాయి. 100 యూనిట్ల లోపు వాడితే ఒక కేటగిరీ. 100 దాటి 200 దాకా వాడితే రెండోది: ఇందులో మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటితే మూడోది: ఇందులో మొదటి 200 యూనిట్లకూ 5.10, 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన ఇంకా ఎక్కువ.

దీంతో 201వ యూనిట్ తన ధరతో ఆగదు, వెనక ఉన్న 200 యూనిట్ల ధరనూ మార్చేస్తుంది. రెండో కేటగిరీలో సరిగ్గా 200 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీ 340, 480 కలిపి 820 రూపాయలు. అవే 200 యూనిట్లకు మూడో కేటగిరీలో 1,020. గీత దాటినందుకే 200 రూపాయలు.

పై బిల్లుకు దీన్ని వర్తింపజేస్తే తేడా మూడు ముక్కలుగా విడిపోతుంది. 196 నుంచి 200 దాకా ఉన్న 4 యూనిట్లకు 4.80 చొప్పున 19 రూపాయల 20 పైసలు. గీత దాటినందుకు 200 రూపాయలు. 200 పైన 14 యూనిట్లకు 7.70 చొప్పున 107 రూపాయల 80 పైసలు. కలిపితే సరిగ్గా 327. ఇలా పైసలతో సహా కలిసినప్పుడే కారణం దొరికినట్టు. పది రూపాయల తేడా మిగిలినా ఏదో ఒక వరుస చూడలేదనే అర్థం.

వినియోగదారుడికి ఈ లెక్కంతా చెప్పక్కర్లేదు. కానీ ఏజెంటు దగ్గర ఉండాలి. చెప్పాల్సింది రెండు మూడు వాక్యాలే: “అమ్మా, పోయిన నెల మీ ఇంట్లో 196 యూనిట్లు కాలాయి, ఆ 923 రూపాయలు ప్రభుత్వం కట్టింది. ఈ నెల 214 కాలాయి. 200 దాటితే సబ్సిడీ రాదు, మొదటి యూనిట్ నుంచే రేటు కూడా మారుతుంది. అందుకే పద్దెనిమిది యూనిట్లకే 338 రూపాయలు పెరిగింది.”

## రోజుల గడి

పై ఉదాహరణలో రెండు బిల్లులూ ముప్పై రోజులవే. కానీ రీడింగ్ తీసే మనిషి ప్రతి నెలా అదే తేదీన రాడు. పండగలు, సెలవులు, సిబ్బంది కొరత, వాన, ఏదైనా కావచ్చు. యూనిట్లు చూసిన వెంటనే రెండు బిల్లు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టడం అలవాటు కావాలి. 28 రోజుల బిల్లు తర్వాత 34 రోజుల బిల్లు వస్తే, రోజువారీ వాడకం ఏమాత్రం మారకపోయినా యూనిట్లు ఐదో వంతుకు పైగా పెరుగుతాయి.

అవే 214 యూనిట్లు 34 రోజులవి అనుకుందాం. రోజుకు 6.3 యూనిట్లు, ముప్పై రోజులకు 189. అంటే ఆ ఇల్లు నిజానికి 200 దాటలేదు. రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యం కావడంతో దాటినట్టు కనిపిస్తోంది. శ్లాబు పరిధిని రోజుల ప్రకారం పెంచి లెక్క కడితే మొదటి శ్లాబు 100కు బదులు 113.3 యూనిట్లు అవుతుంది. దానికి 3.40 చొప్పున, మిగిలిన 100.7కు 4.80 చొప్పున వేస్తే ఎనర్జీ చార్జీ 868 రూపాయలకు కాస్త పైన వస్తుంది. సర్దుబాటు లేకుండా వేస్తే 1,127.80. రెండింటి మధ్య దాదాపు 260 రూపాయల దూరం. అర్హత ఉన్న ఇంటికైతే సున్నా బిల్లే పోతుంది.

అందువల్ల 32, 33 రోజులు దాటిన బిల్లు కనిపిస్తే ‘సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది’ అని వదిలేయకూడదు. యూనిట్లను రేట్లతో గుణించి చూడాలి. వచ్చిన సంఖ్య బిల్లులోని ఎనర్జీ చార్జీతో ఏ పద్ధతిలో కలిస్తే ఆ పద్ధతిలోనే బిల్లు తయారైందని తెలుస్తుంది. రోజుల సర్దుబాటు జరిగి ఉంటే వినియోగదారుడికి ధైర్యంగా చెప్పొచ్చు. జరగకపోతే అది వివరించాల్సిన విషయం కాదు, సవరణ కోసం బిల్లింగ్ విభాగానికి పంపాల్సిన ఫిర్యాదు.

రోజుల లెక్క ఎంత పెద్ద గందరగోళం తేగలదో 2020లో అందరూ చూశారు. లాక్‌డౌన్‌లో ఇంటింటికీ తిరిగి రీడింగ్ తీయడం ఆగిపోయింది. జూన్‌లో మూడు నెలల వాడకం ఒకేసారి మీటరు మీద కనిపించింది. సంస్థలు ఆ యూనిట్లను మూడుతో భాగించి నెలవారీ సగటు మీద శ్లాబులు వేశామని వివరించాల్సి వచ్చింది. అప్పటికే మధ్యలో కట్టిన మొత్తాలు, పాత బకాయిగా మిగిలినవి, ఎండాకాలపు అసలు వాడకం ఒకే కాగితం మీదకు చేరడంతో ఏది ఎందుకు పడిందో చాలామందికి అంతు చిక్కలేదు. ఆ కాలపు బిల్లుల గురించి ఇప్పటికీ ఎవరైనా వివాదం తెస్తే, ఆ మూడు నెలలను విడివిడిగా కాకుండా ఒకే బిల్లుగా చదవాలి.

## రీడింగుల గొలుసు

రోజుల కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది, ఒక చూపులో తేలిపోతుంది కూడా. ఒక నెల కొత్త రీడింగే తర్వాతి నెల పాత రీడింగ్ కావాలి. ఏప్రిల్‌లో 9,007తో ముగిస్తే మే 9,007తో మొదలవ్వాలి. ఆరు నెలల హిస్టరీని ఈ ఒక్క దృష్టితో పైనుంచి కిందికి చూస్తే గొలుసు ఎక్కడ తెగిందో బయటపడుతుంది.

తెగిన చోట చాలావరకు మీటరు మారి ఉంటుంది. పాత మీటరు 41,380 దగ్గర ఆగి, కొత్తది 2 దగ్గర మొదలైతే ఆ నెల యూనిట్లు రెండు మీటర్ల వాడకం కలిపి రావాలి. పాత మీటరు చివరి రీడింగ్ తప్పుగా నమోదైతే మొత్తం తలకిందులవుతుంది. కాబట్టి మీటరు మార్చిన తేదీ, తీసేసిన మీటరు చివరి రీడింగ్ రికార్డులో ఉన్నాయో లేదో చూడాలి.

గొలుసు తెగకుండానే అనుమానం కలిగించే నెలలూ ఉంటాయి. వరుసగా రెండు మూడు నెలలు యూనిట్లు అచ్చం ఒకే సంఖ్య ఉంటే అది వాడకం కాదు, సగటు. ఇంటికి తాళం వేసి ఉంటే ‘డోర్ లాక్’ అని, మీటరు ఆగిపోతే ‘స్టక్’ అని, కాలిపోతే ‘బర్న్ట్’ అని స్టేటస్ పడుతుంది, యూనిట్లు అంచనాగా వేస్తారు. తాళం తీశాక తీసిన అసలు రీడింగ్‌లో పాత నెలల వాడకం కూడా ఉంటుంది. 61 రోజుల 390 యూనిట్లను ఒకే నెలవిగా లెక్కిస్తే ఆ ఇల్లు పెద్ద శ్లాబులోకి పోతుంది, రెండు నెలలకు పంచితే నెలకు 195 దగ్గరే ఉంటుంది. అసలు రీడింగ్ వచ్చిన బిల్లులో రెండు చూడాలి: యూనిట్లు నెలల మధ్య పంచారా, డోర్ లాక్ నెలకు అప్పటికే వేసిన మొత్తాన్ని తీసేశారా. రెండోది మర్చిపోతే వినియోగదారుడు ఒకే కరెంటుకు రెండుసార్లు కట్టినట్టవుతుంది. స్టేటస్ గడి చదవని ఏజెంటు మాత్రం ‘ఈ నెల ఎక్కువ వాడారు సార్’ అని చెప్పి ఫోన్ పెట్టేస్తాడు.

## ఫోన్ మీదే చేయగల పరీక్ష

రీడింగే తప్పేమో అన్న అనుమానం తీర్చడానికి లైన్‌మన్ వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. వినియోగదారుణ్ని మీటరు దగ్గరికి వెళ్లి చదవమంటే చాలు. డిజిటల్ మీటరు తెర మీద తేదీ, వోల్టేజి, గరిష్ఠ డిమాండ్ వంటివి ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. పక్కన kWh అని వచ్చినప్పుడు కనిపించే సంఖ్యనే చెప్పమనాలి. kVAh లేదా MD పక్కన ఉన్నది చదివితే లెక్క తప్పుతుంది.

పై ఉదాహరణలో మే 4న రీడింగ్ 9,221. మే 10న ఫోన్ చేసిన మనిషి మీటరు మీద 9,266 ఉందని చెబితే, ఆరు రోజుల్లో 45 యూనిట్లు, రోజుకు ఏడున్నర. బిల్లు కాలంలో 214 యూనిట్లను 30తో భాగిస్తే రోజుకు 7.1. రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి బిల్లులోని రీడింగ్ నమ్మదగినదే. మీటరు మీద ఇప్పటికీ 9,160 ఉందంటే రీడింగ్ తప్పుగా తీశారు, అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చు. అప్పుడు మీటరు ఫొటో తీయించి సవరణకు పంపాలి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రీడింగ్ సరిగ్గా తీశారా అన్నదే ఇది చెబుతుంది, మీటరు సరిగ్గా తిరుగుతోందా అన్నది చెప్పదు. వేగంగా తిరిగే మీటరు బిల్లు కాలంలోనూ ఆ తర్వాతా ఒకేలా వేగంగా తిరుగుతుంది. ఆ అనుమానం గట్టిగా ఉన్నవారికి మీటరు పరీక్షకు దరఖాస్తు చేసుకునే దారి చూపాలి. అలాగే ఏ వస్తువు వల్ల యూనిట్లు పెరిగాయో హిస్టరీలో ఉండదు. ‘ఏసీ వేసుంటారు’ అని ఊహించి చెప్పడం మంచిది కాదు, ఆ ఇంట్లో ఏసీ లేకపోతే మిగతా వివరణ మీదా నమ్మకం పోతుంది.

## కరెంటుకు సంబంధం లేని వరుసలు

యూనిట్లు, రోజులు, రేట్లు అన్నీ సరిపోయినా మొత్తం పెరిగిందంటే కింది వరుసలు చూడాలి. పాత బకాయి అన్నిటికన్నా మామూలు కారణం. గడువు దాటాక కడితే, లేదా కట్టిన డబ్బు ఖాతాలో నమోదయ్యేలోపే కొత్త బిల్లు తయారైతే, అది బకాయిగా అచ్చవుతుంది. చెల్లింపుల జాబితాలోని తేదీని బిల్లు తేదీతో పోల్చితే ఏది జరిగిందో తెలుస్తుంది. డబ్బు బిల్లు తర్వాత చేరి ఉంటే ఇప్పుడు కట్టాల్సింది ఈ నెలదే. అచ్చయిన మొత్తమంతా మళ్లీ కట్టమని చెప్పకూడదు.

రెండోది ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. గడిచిన ఏడాది సగటు వాడకాన్ని బట్టి రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలన్నది నిబంధన. తక్కువైన మేరకు అదనంగా అడుగుతారు. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఈ వరుస బిల్లుల్లో కనిపించినప్పుడు జనం రోడ్డెక్కారు. ఇది చార్జీ కాదు, వినియోగదారుడి పేరునే ఉండే డిపాజిట్. దానిపై వడ్డీని ఏడాదికోసారి బిల్లులో తగ్గిస్తారు కూడా. ఆ వడ్డీ తగ్గిన నెలను తర్వాతి నెలతో పోల్చి ‘బిల్లు పెరిగింది’ అనేవారు ఉంటారు. అక్కడ పెరిగిందేమీ లేదు, పోయిన నెల ఒకసారికి తగ్గిందంతే.

## ఆంధ్రప్రదేశ్ బిల్లుల్లో కథ వేరు

తెలంగాణ లెక్క నేర్చుకున్న ఏజెంటు విజయవాడ బిల్లును అదే కళ్లతో చదివితే తప్పు జవాబు ఇస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు కేటగిరీలు తీసేసి అందరినీ ఒకే వరుసలోకి తెచ్చారు: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది శ్లాబుల రేట్లు మారవు.

అదే 196, 214 యూనిట్లను ఈ రేట్లతో వేస్తే ఎనర్జీ చార్జీలు 843, 951 వస్తాయి. తేడా 108 రూపాయలు, అంటే 18 యూనిట్లకు ఆరు రూపాయల చొప్పున. అదే 18 యూనిట్లకు తెలంగాణలో 327 పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 225 గీత దాటినా దాటిన యూనిట్లకే 8.75 పడుతుంది. కాబట్టి అక్కడి వినియోగదారుడికి ‘గీత దాటారు, అందుకే మొత్తం రేటు మారింది’ అని చెప్పకూడదు.

అక్కడి బిల్లులు వేరే దారిలో మారతాయి. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా విడిగా పడడం మొదలైంది. ఇది ఈ నెల యూనిట్లపై కాదు, అంతకు ముందు నెలల యూనిట్లపై లెక్క కడతారు. వాటికి తోడు 2022-23 నాటి వాడకంపై ట్రూ అప్ చార్జీలు, అంటే అప్పటి అసలు ఖర్చులో వసూలు కాకుండా మిగిలిన తేడా, 2024 డిసెంబరు బిల్లుల నుంచి వచ్చాయి. అంటే ఈ నెల ఫ్యాను కూడా వేయని ఇంటికి కూడా పాత నెలల యూనిట్ల మేరకు డబ్బు పడుతుంది. అద్దె ఇంట్లో కొత్తగా దిగినవారికైతే తమకు ముందున్నవారు కాల్చిన కరెంటు సర్దుబాటు తమ బిల్లులో వస్తుంది, ఎందుకంటే లెక్క మనిషి పేరున కాదు, సర్వీసు నంబరు మీద నడుస్తుంది.

ఇలాంటి కాల్‌లో ఈ నెల యూనిట్లు ఎంత వెతికినా ప్రయోజనం లేదు. సర్దుబాటు వరుస ఏ నెలకు చెందిందో బిల్లులో చూసి, హిస్టరీలో ఆ నెలకు వెళ్లి, అప్పటి యూనిట్లను పైసలతో గుణించాలి. ఆ సంఖ్య వరుసలోని మొత్తంతో కలిస్తే జవాబు సిద్ధం. అద్దెకున్న వ్యక్తి ఆ నెలలో తాను ఆ ఇంట్లో లేనంటే, అది ఇంటి యజమానితో తేల్చుకోవాల్సిన లెక్క. బిల్లింగ్ విభాగం సవరించేది కాదని ఆ కాల్‌లోనే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అదే మనిషి అదే ప్రశ్నతో వచ్చే నెల మళ్లీ ఫోన్ చేస్తాడు.